స్టెత్ పెట్టండి... గాలి దారి ఏమైందో కనిపెట్టండి!

నిన్న మీరు రాసిన కేస్ షీట్ ఒకసారి తెరవండి. రెస్పిరేటరీ సిస్టమ్ దగ్గర ఏం రాశారు? “బైలేటరల్ ఎయిర్ ఎంట్రీ ప్లస్. ఎన్‌వీబీఎస్. నో యాడెడ్ సౌండ్స్.” ఇంతేగా?

నిజం చెప్పండి. విని రాశారా? రాసేసి విన్నారా?

మెడికోలైనా, హౌస్ సర్జన్లైనా, నర్సింగ్ చదువుతున్నవాళ్లైనా చాలామందికి చెవి సమస్య ఉండదు. సమస్య అలవాటులో ఉంటుంది. వీజ్ అంటే ఆస్తమా. క్రెప్స్ అంటే న్యుమోనియా. బ్రాంకియల్ బ్రీతింగ్ అంటే కన్సాలిడేషన్. పరీక్ష ముందురోజు ఇలా జతలు జతలుగా బట్టీ పట్టేశాం. అందుకే వార్డులో శబ్దం వినగానే మనసు నేరుగా జబ్బు పేరు మీదికి దూకుతుంది. మధ్యలో ఒక మెట్టు ఉంది. దాన్నే దాటేస్తున్నారు.

ఆ మెట్టు ఇది: శబ్దం మీకు జబ్బు పేరు చెప్పదు. లోపల గాలికి ఏమైందో చెబుతుంది. దారి ఇరుకైందా? మూసుకున్న దారి ఒక్కసారిగా తెరుచుకుందా? స్పాంజిలా ఉండాల్సిన ఊపిరితిత్తి గట్టిపడిందా? ముందు ఈ మూడు ప్రశ్నలు. జబ్బు పేరు ఆ తర్వాత.

మామూలు శబ్దం ఎక్కడ పుడుతుంది?

చిన్న ప్రయోగంతో మొదలుపెడదాం. స్టెత్ డయాఫ్రమ్‌ని మీ గొంతు మీద, శ్వాసనాళం దగ్గర పెట్టుకోండి. నోరు తెరిచి ఊపిరి పీల్చి వదలండి. గరగరగా, ఊదినట్టుగా వినిపిస్తుంది. పీల్చినప్పుడు ఎంతసేపు వినిపించిందో వదిలినప్పుడూ కనీసం అంతసేపు వినిపిస్తుంది. రెండింటి మధ్య చిన్న విరామం కూడా ఉంటుంది.

ఇప్పుడు పక్కనున్న ఫ్రెండ్ వీపు మీద, భుజం ఎముక కింద పెట్టండి. మెత్తటి శబ్దం. పీల్చేటప్పుడు స్పష్టంగా ఉంటుంది. వదలడం మొదలైన కాసేపటికే మాయమైపోతుంది. మధ్యలో విరామం లేదు. వెసిక్యులర్ బ్రీతింగ్ అంటే ఇదే.

రెండు చోట్లా శబ్దం పుట్టేది పెద్ద గాలి గొట్టాల్లోనే. మరి ఇంత తేడా ఎందుకు? గాలి గదుల్లోకి గాలి దూరుతుంటే ఆ చప్పుడు వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. అంత లోపలికి చేరేసరికి గాలి వేగం దాదాపు సున్నా. అక్కడ చప్పుడు పుట్టే అవకాశమే లేదు. గాలి వేగంగా సుడులు తిరిగేది పెద్ద బ్రాంకైలో. అక్కడ పుట్టిన శబ్దం ఛాతీ గోడ దాకా రావాలంటే గాలితో నిండిన ఊపిరితిత్తి గుండా రావాలి. ఆ దారిలో పై స్థాయి శబ్దాలన్నీ ఆగిపోతాయి. కింది స్థాయివి మాత్రమే బయటికొస్తాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి ఒక ఫిల్టర్.

ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. కాసేపట్లో బ్రాంకియల్ బ్రీతింగ్ మీకు దానంతట అదే అర్థమవుతుంది.

వినే ముందు సరిచేసుకోవాల్సినవి

* బట్టల మీద నుంచి వినకండి. చీర కొంగు రాపిడి, చొక్కా రాపిడి అచ్చం క్రెప్స్ లాగే వినిపిస్తాయి. ఛాతీ మీద వెంట్రుకలుంటే డయాఫ్రమ్‌ని కాస్త గట్టిగా నొక్కండి, లేదా ఆ చోట కొంచెం తడి చేయండి.
* “నోరు తెరిచి, కాస్త గట్టిగా గాలి పీల్చి వదలండి” అని చెప్పండి. మీరే ఒకసారి చేసి చూపిస్తే ఇంకా మేలు.
* ఒక్కోచోట ఒక పూర్తి శ్వాస వినండి. సగంలో స్టెత్ తీసేయకండి. కుడి, ఎడమ ఒకే ఎత్తులో పోల్చండి.
* వీపు వినేటప్పుడు రెండు చేతులూ ఎదురు భుజాల మీద వేసుకోమనండి. చంకల కింద మరిచిపోకండి. కుడి మిడిల్ లోబ్ వీపు మీద దొరకదు, ముందు వైపు, పక్కన వినాలి.
* ఏదైనా తేడా వినిపిస్తే ఒకసారి దగ్గించి మళ్లీ వినండి.

పెద్ద వయసువాళ్లు ఆపకుండా గట్టిగా ఊపిరి తీస్తే కళ్లు తిరుగుతాయి. మధ్యలో “కాసేపు ఆగు పెద్దాయనా” అనండి. తొందరేం లేదు.

పిల్లికూతలు: దారి ఇరుకైంది

బెలూన్ ఊది, మూతి రెండువైపులా లాగి పట్టుకుని గాలి కొద్దికొద్దిగా వదిలి చూడండి. కీచుమని కూస్తుంది. కూసేది గాలి కాదు. దాదాపు అంటుకుపోయిన రబ్బరు అంచులు గాలి వేగానికి అదురుతున్నాయి. ఊపిరితిత్తిలో వీజ్ కూడా అలాగే పుడుతుంది. గొట్టం గోడలు దాదాపు తాకేంత దగ్గరకొస్తాయి. ఆ సందులోంచి గాలి వేగంగా దూసుకెళ్తుంది. గోడలు అదురుతాయి. సంగీతం లాంటి, సాగే శబ్దం వస్తుంది.

ఇక్కడ ఒక పాత నమ్మకం వదిలేయండి. సన్న కూత వస్తే చిన్న గొట్టం, బొంగురు కూత వస్తే పెద్ద గొట్టం అని అనుకుంటాం. అలా లెక్క కుదరదు. కూత స్థాయి గోడ బరువు, బిగువు, గాలి వేగం మీద ఆధారపడుతుంది, గొట్టం పొడవు మీద కాదు. పెద్ద బ్రాంకస్ ఇరుకైనా సన్న కూత రావచ్చు. వార్డులో రాంకై అని పిలిచే బొంగురు శబ్దానికి తరచూ కఫం కూడా తోడవుతుంది. దగ్గితే అది మారిపోవచ్చు.

వీజ్ వదిలేటప్పుడే ఎక్కువ ఎందుకు? ఊపిరి వదిలేటప్పుడు ఛాతీ లోపలి గాలి గొట్టాలు సహజంగానే కాస్త సన్నబడతాయి. ఆస్తమాలోనో సీఓపీడీలోనో అవి అప్పటికే ఇరుకుగా ఉన్నాయి కాబట్టి ఇంకా బిగుస్తాయి. అందుకే వదలడం సాగుతుంది, కూస్తుంది. పీల్చేటప్పుడే పెద్దగా కూస్తూ, ఛాతీ కంటే మెడ దగ్గర ఎక్కువ వినిపిస్తే అది స్ట్రైడార్. ఇరుకు గొంతులోనో పై శ్వాసనాళంలోనో ఉంది. ఎమర్జెన్సీగా చూడండి. ఇన్‌హేలర్ ఇచ్చి పంపేయకండి.

వీజ్ వినగానే రెండు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: ఎన్ని స్వరాలు? ఛాతీ అంతటా రకరకాల స్వరాలు కలిసి వినిపిస్తే చాలా గొట్టాలు ఇరుకయ్యాయని అర్థం. ఆస్తమా, సీఓపీడీ ఈ కోవలోవే. గుండె వైఫల్యంలో నీరు చేరి గొట్టాల గోడలు వాచినా ఇలాగే కూయొచ్చు. అందుకే డెబ్భై ఏళ్లాయనకు మొదటిసారి “ఆస్తమా” వచ్చిందంటే కాళ్ల వాపు, మెడ నరాలు చూడకుండా వదలొద్దు. ఒకేచోట, ఒకే స్వరం, ప్రతి శ్వాసలోనూ అదే, దగ్గినా మారలేదా? అక్కడ ఒకే గొట్టం ఇరుకైంది. చిన్న పిల్లాడైతే వేరుశనగ గింజ లాంటిదేదైనా మింగబోయి ఊపిరి దారిలోకి పోయిందేమో అడగండి. పెద్ద వయసు పొగతాగే మనిషైతే గడ్డ ఉందేమో ఆలోచించండి.

రెండోది: గాలి ఎంత కదులుతోంది? ఇది ప్రాణం మీదికొచ్చే ప్రశ్న. గోడలు అదరాలంటే గాలి కదలాలి. ఆస్తమా అటాక్ బాగా ముదిరితే గాలి కదలికే తగ్గిపోతుంది. కూతలు ఆగిపోతాయి. ఛాతీ నిశ్శబ్దమవుతుంది. “సర్, వీజ్ తగ్గింది” అని సంతోషంగా చెప్పే ముందు మనిషిని చూడండి. మాట పూర్తి చేయలేకపోతున్నాడా? మత్తుగా ఉన్నాడా? పెదాలు నీలంగా మారాయా? అయితే అది తగ్గడం కాదు, ముదరడం. వెంటనే సీనియర్‌ని పిలవండి. ఐసీయూకి చెప్పండి.

క్రెప్స్: మూసుకున్న దారి టప్పున తెరుచుకుంది

క్రెప్స్ అంటే నీటిలో గాలి బుడగలు పగలడం అని చాలామందికి నేర్పారు. గరుకు క్రెప్స్ విషయంలో ఇందులో కొంత నిజముంది. పెద్ద గొట్టాల్లో కఫం ఉన్నప్పుడు గాలి దాన్ని దాటుకుంటూ వస్తుంది. సన్న క్రెప్స్ సంగతి వేరు. బ్రిటన్ డాక్టర్ పాల్ ఫోర్గాక్స్ 1960ల్లో దీనికి ఇంకో వివరణ ఇచ్చారు. ఊపిరి వదిలినప్పుడు కింది భాగంలోని చిన్న గొట్టాలు మూసుకుంటాయి. పీల్చేటప్పుడు లోపల లాగుడు పెరిగి పెరిగి, ఒక్కో గొట్టం టక్కున తెరుచుకుంటుంది. అటూ ఇటూ ఒత్తిడి క్షణంలో సమమవుతుంది. అదే చిటపట.

ఇది అర్థమైతే సమయం ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. చిన్న గొట్టాలు గట్టిగా మూసుకుంటే చాలాసేపు లాగితేగానీ తెరుచుకోవు. అందుకే వాటి చిటపట పీల్చడం చివర్లో వస్తుంది. పెద్ద గొట్టాల్లోంచి వచ్చేది పీల్చడం మొదట్లోనే వస్తుంది, వదిలేటప్పుడు కూడా రావొచ్చు. కాబట్టి “క్రెప్స్ ఉన్నాయి” అని ఆగిపోకండి. పీల్చడం మొదట్లోనా, చివర్లోనా? ఇది రాయని నోట్ సగం నోట్.

ఇక మంచం దగ్గర పని ఇలా సాగుతుంది.

ముందు దగ్గించండి. గరుకు క్రెప్స్ చోటు మారితేనో తగ్గితేనో కఫం ఉన్నట్టు. బ్రాంకియెక్టాసిస్‌లో ఇవి మామూలే. రోజూ గిన్నెడు కళ్లె పడే మనిషిలో ఇవే వినిపిస్తాయి.

తర్వాత నాలుగైదు లోతైన శ్వాసలు తీయించండి. రోజంతా వెల్లకిలా పడుకున్న మనిషిలో కింది భాగం కాస్త ముడుచుకుని ఉంటుంది. మొదటి శ్వాసల్లో చిటపటలాడి మాయమవుతుంది. అది జబ్బు కాదు. దానికి లాసిక్స్ రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అవి దగ్గినా, లోతుగా పీల్చినా పోని సన్న క్రెప్స్ అయి, రెండువైపులా అడుగున ఉన్నాయా? ఇప్పుడు రెండు దారులు. ఒకటి గుండె వైఫల్యం. నీరు చేరి ఊపిరితిత్తి బరువెక్కింది. పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు, ఉబ్బిన మెడ నరం తోడుంటాయి. మందు పనిచేస్తే క్రెప్స్ తగ్గుతాయి. రెండోది ఫైబ్రోసిస్. ఊపిరితిత్తి మచ్చకట్టి బిర్రబిగిసింది. వార్డులో వీటిని వెల్‌క్రో క్రెప్స్ అంటారు. ఎన్నాళ్లు విన్నా అవే ఉంటాయి. నెలల తరబడి పొడి దగ్గు, నడిస్తే ఆయాసం, గోళ్లు ఉబ్బడం కనిపిస్తే లాసిక్స్ పెంచుతూ పోకండి, హెచ్‌ఆర్‌సీటీ అడగండి. ఈ రెండో గుంపుకి రోగ నిర్ధారణ ఆలస్యమయ్యేది తరచూ ఇక్కడే. ఎవరో ఒకరు ప్రతిసారీ “బేసల్ క్రెప్స్ ప్లస్” అని రాసి వదిలేస్తారు.

బ్రాంకియల్ బ్రీతింగ్: ఫిల్టర్ పోయింది

ఇప్పుడు ఒక కేసు పూర్తిగా నడిపిద్దాం. ఇది ఉదాహరణ కోసం అల్లిన కేసు. వివరాలు మాత్రం మీరు వార్డులో చూసేవే.

యాభై ఐదేళ్ల మేస్త్రీ. బీడీలు అలవాటు. నాలుగు రోజులుగా చలిజ్వరం. “కుడి పక్క ఊపిరి తీస్తే సూదిలా గుచ్చుతోంది” అంటున్నాడు. తుప్పు రంగు కళ్లె. నిమిషానికి 28 శ్వాసలు. ఆక్సిజన్ 91 శాతం.

స్టెత్ తీయకండి ఇంకా. వీపు చూడండి. కుడి కింది భాగం తక్కువ కదులుతోంది. వేళ్లతో తట్టండి. అక్కడ డల్‌గా ఉంది. ఇప్పుడు స్టెత్ పెట్టండి. ఊదినట్టు గట్టి శబ్దం. వదలడం కూడా పీల్చినంతసేపు, అంతే స్పష్టంగా. మధ్యలో విరామం. ఇందాక మీ గొంతు మీద విన్నదే కదా! గొంతులో ఉండాల్సిన శబ్దం వీపు మీదికెలా వచ్చింది?

ఫిల్టర్ పోయింది. గాలి గదుల్లో గాలి బదులు చీము, ద్రవం నిండి లోబ్ గట్టిపడింది. గట్టి కండరంలా తయారైన ఊపిరితిత్తి పై స్థాయి శబ్దాలనూ బయటికి పంపేస్తుంది. పెద్ద బ్రాంకస్‌లో పుట్టిన శబ్దం కోతపడకుండా మీ చెవికి చేరింది.

దీన్ని మాటతో ఖాయం చేసుకోండి. “గుసగుసగా ఒకటి, రెండు, మూడు అనండి” అని చెప్పండి. మామూలు చోట ఆ గుసగుస అలికినట్టు వినిపిస్తుంది, అంకెలు పట్టుకోలేం. గట్టిపడ్డ చోట మీ చెవిలోనే చెప్పినట్టు స్పష్టంగా వస్తుంది. తర్వాత “ఈ” అని సాగదీయమనండి. అక్కడ అది “ఏ” లా, ముక్కుతో మాట్లాడినట్టు వినిపిస్తుంది. రెండూ కుదిరితే కన్సాలిడేషన్ అని ధైర్యంగా రాయండి. ఎక్స్‌రేకి పంపండి.

స్టెతస్కోప్ కనిపెట్టిన లాయెన్నెక్ చేసింది ఇదే పని. 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో కాగితాలు గొట్టంలా చుట్టి విన్నాడు. తర్వాత చెక్క గొట్టం చేసుకున్నాడు. బతికుండగా విన్న శబ్దాన్ని చనిపోయాక పోస్టుమార్టంలో కనిపించినదానితో సరిచూసుకున్నాడు. 1819లో పుస్తకం అచ్చయింది. మీకు ఎక్స్‌రే ఉంది, అల్ట్రాసౌండ్ ఉంది. కానీ ఒక నియమం పెట్టుకోండి: ఫిల్మ్ చూసే ముందే మీరు విన్నది కాగితం మీద ఉండాలి. ఫిల్మ్ చూశాక విన్నదానికి విలువ లేదు, చెవి ఫిల్మ్ చెప్పినట్టే వింటుంది.

ఇప్పుడు మేస్త్రీ కేసుని కొంచెం మార్చి చూడండి. తట్టితే డల్‌గానే ఉంది. కానీ శబ్దం అసలు వినిపించడం లేదు. ఎందుకు?

రెండు కారణాలు ఉండొచ్చు. ప్లూరాలో నీరు చేరి ఉండొచ్చు. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య నీటి పొర శబ్దాన్ని వెనక్కి తిప్పేస్తుంది. మాట కూడా మందగిస్తుంది. తట్టినప్పుడు రాయి మీద కొట్టినట్టు ఉంటుంది. లేదంటే బ్రాంకస్ మూసుకుని ఉండొచ్చు. లోబ్ గట్టిపడినా శబ్దం ఆ లోబ్ దాకా రావాలంటే దారి తెరిచి ఉండాలి. కఫం ముద్దో, గడ్డో అడ్డుపడితే శబ్దం అక్కడే ఆగిపోతుంది. బ్రాంకియల్ బ్రీతింగ్ వినిపించాలంటే రెండు షరతులు: ఊపిరితిత్తి గట్టిపడాలి, బ్రాంకస్ తెరిచి ఉండాలి. డల్‌గా ఉండి నిశ్శబ్దంగా ఉన్న చోట సూది పెట్టే ముందు అల్ట్రాసౌండ్ చేయించండి.

ఒక హెచ్చరిక. ప్రతి న్యుమోనియాలోనూ ఇంత చక్కటి బ్రాంకియల్ బ్రీతింగ్ దొరకదు. మచ్చలు మచ్చలుగా పట్టిన న్యుమోనియాలో కాసిని క్రెప్స్ మాత్రమే ఉండొచ్చు. ఊపిరితిత్తి లోతుల్లో ఉంటే ఏమీ వినిపించకపోవచ్చు. జ్వరం, వేగమైన శ్వాస, తగ్గిన ఆక్సిజన్ ఉన్న మనిషిని “చెస్ట్ క్లియర్” అని ఇంటికి పంపకండి.

మళ్లీ మన మేస్త్రీ దగ్గరికి. యాంటీబయాటిక్ మొదలైంది. కొద్ది రోజులకు జ్వరం దిగింది. రౌండ్స్‌లో విన్నారు. బ్రాంకియల్ బ్రీతింగ్ లేదు. దాని చోట గరుకు క్రెప్స్ నిండుగా ఉన్నాయి. “సర్, నిన్న లేని క్రెప్స్ ఇవాళ వచ్చాయి. మందు మార్చాలా?”

ఆగండి. గాలికి ఏమైందో అడగండి. గట్టిపడ్డ గదుల్లోకి గాలి మళ్లీ దూరుతోంది. కరిగిన ద్రవం గొట్టాల్లోకి వస్తోంది. మూసుకున్నవి తెరుచుకుంటున్నాయి. ఈ క్రెప్స్ కోలుకుంటున్న గుర్తు. లాయెన్నెక్ కాలంలోనే దీన్ని గమనించారు. జ్వరం, శ్వాస వేగం, ఆక్సిజన్, ఆకలి మెరుగవుతుంటే మందు మార్చాల్సిన పని లేదు. జ్వరం మళ్లీ ఎక్కి, శబ్దం తగ్గి, డల్‌నెస్ పెరుగుతుంటే అది వేరే సంగతి. ప్లూరాలో నీరో చీమో చేరిందేమో చూడాలి.

డిశ్చార్జ్ రోజున ఎక్స్‌రే ఇంకా తెల్లగానే ఉండొచ్చు. కంగారుపడకండి. మనిషి బాగుపడిన చాలా రోజులకు గానీ ఫిల్మ్ బాగుపడదు. ఈయన యాభై దాటినవాడు, బీడీలు తాగేవాడు. కాబట్టి ఆరు వారాలకు మళ్లీ రమ్మని, ఎక్స్‌రే తీయించమని డిశ్చార్జ్ సమ్మరీలో రాయండి. నోటితో కూడా చెప్పండి.

ఆయన వచ్చిన రోజు అదే చోట, కుడి భుజం ఎముక కింద, తీరిగ్గా వినండి. మెత్తటి వెసిక్యులర్ శబ్దం వినిపిస్తే సంతోషం. అలా కాకుండా ఒకే స్వరంలో ఒక కూత, ప్రతి శ్వాసలోనూ, దగ్గినా మారకుండా వినిపిస్తే, దాంతోపాటు ఫిల్మ్ మీద నీడ కూడా అక్కడే నిలిచి ఉంటే ఇంకో యాంటీబయాటిక్ కోర్సు రాయకండి. ఆ లోబ్‌కి వెళ్లే బ్రాంకస్‌లో ఏదో అడ్డుంది. సీటీ చేయించి, బ్రాంకోస్కోపీకి పల్మనాలజిస్టుకి రెఫర్ చేయండి.